ప్రశ్నలోనే దాగిన జవాబు: పాక్షిక నిర్మిత ముఖాముఖికి మార్గదర్శిక రూపకల్పన

వ్యవసాయ విస్తరణ విభాగాలలో సమర్పించే సిద్ధాంత వ్యాసాల చివరి అధ్యాయం తరచూ ఒకే తీరున ఉంటుంది. రైతులు ఎదుర్కొంటున్న అవరోధాలు, వారి సూచనలు అనే శీర్షిక కింద అవగాహన లోపం, కూలీల కొరత, పెట్టుబడి లేమి, ఉపకరణాలు సకాలంలో అందకపోవడం వరుసగా కనిపిస్తాయి. పంట మారినా, మండలం మారినా ఈ వరుస పెద్దగా మారదు. రైతుల కష్టాలు చాలాచోట్ల ఒకటే కావడం ఇందుకు కొంత కారణం కావచ్చు. వారిని అడిగిన ప్రశ్నలు ఒకటే కావడం అంతకంటె పెద్ద కారణం. గుణాత్మక అధ్యయనాలు ఈ ఇబ్బందిని తొలగిస్తాయని ఆశించవచ్చు. కానీ పాత ఇంటర్వ్యూ షెడ్యూలులోని ప్రశ్నలకే చివర 'ఎందుకు' అన్న మాట తగిలించి, దానికి పాక్షిక నిర్మిత ముఖాముఖి అని పేరు పెడితే ఆ ఆశ నెరవేరదు. పాత జాబితాయే ఈసారి రైతు మాటల రూపంలో, కొటేషన్ గుర్తుల మధ్య తిరిగి వస్తుంది.

ఒక ఉదాహరణను చివరిదాకా పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. కృష్ణా డెల్టాలో కాలువ కింద వరి వేసే రైతులలో కొందరు డ్రమ్ సీడర్‌తో మొలక విత్తనాన్ని నేరుగా దమ్ములో విత్తి, ఒకటి రెండు పంటల తరువాత మళ్లీ ఆకుమడి పోసి ఊడ్పులకు మరలారనుకుందాం. వారు ఎందుకు మరలారో తెలుసుకోవడం ఒక స్నాతకోత్తర విద్యార్థి పరిశోధనాంశం. అతడు తయారు చేసుకున్న తొలి మార్గదర్శికలో ఐదు ప్రశ్నలున్నాయి. డ్రమ్ సీడర్ వల్ల సాగు ఖర్చు తగ్గుతుందని మీకు తెలుసా? ఈ పద్ధతిని ఎందుకు మానేశారు? కలుపు, యంత్రం దొరకకపోవడం, మొలక సరిగా రాకపోవడం వంటి సమస్యలు ఏమైనా వచ్చాయా? శాస్త్రవేత్తలు సిఫార్సు చేసిన కలుపు మందును సరైన సమయంలో వాడారా? తగిన శిక్షణ ఇచ్చి ఉంటే ఈ పద్ధతిని కొనసాగించేవారా?

చూడడానికి వీటిలో తప్పేమీ లేదు. విషయం తెలిసిన వ్యక్తి రాసిన ప్రశ్నలని కూడా తెలుస్తూనే ఉంది. చిక్కు అక్కడే ఉంది. విద్యార్థికి తెలిసినదంతా ప్రశ్నలలోకి వెళ్లిపోయింది. రైతుకు మిగిలింది అవుననో కాదనో చెప్పడమే.

సూచక ప్రశ్న అంటే ఏమిటో విస్తరణ శాస్త్రం కంటె ముందే న్యాయశాస్త్రం నిర్వచించింది. అడిగేవాడు కోరుకునే లేదా ఎదురుచూసే జవాబును తనలోనే సూచించే ప్రశ్నను 1872 నాటి భారత సాక్ష్య చట్టం 141వ సెక్షన్ సూచక ప్రశ్నగా పేర్కొన్నది. సాక్షిని పిలిచిన పక్షం జరిపే ప్రథమ విచారణలో, ప్రతిపక్షం అభ్యంతరం చెబితే, కోర్టు అనుమతి లేకుండా అలాంటి ప్రశ్న అడగరాదు. ఎదుటి పక్షం జరిపే అడ్డ విచారణలో అడగవచ్చు. ఈ భేదం పరిశోధకులకు ఉపయోగపడుతుంది. దానిని కింద మళ్లీ ప్రస్తావించవలసి వస్తుంది. కోర్టులో సూచక ప్రశ్న వేస్తే ఎదుటి న్యాయవాది లేచి అభ్యంతరం చెబుతాడు. రైతు ఇంటి అరుగు మీద ఆ పని చేసేవారు ఎవరూ ఉండరు.

పై ఐదు ప్రశ్నలూ ఒకే విధంగా దారి చూపడం లేదు. మొదటిది ప్రశ్న రూపంలో ఉన్న పాఠం. ఖర్చు తగ్గుతుందన్న నిర్ణయం ముందే జరిగిపోయింది; తెలియదంటే రైతు అజ్ఞాని అవుతాడు, తెలుసంటే తెలిసీ మానేసిన మూర్ఖుడవుతాడు. రెండవ ప్రశ్న ఒక ఊహను వాస్తవంగా తీసుకుంటుంది. రైతు ఆ పద్ధతిని 'మానేశాడు' అన్నది విద్యార్థి భాష. రైతు దృష్టిలో అది ఆ ఏటికి మాత్రమే కుదరక పోయి ఉండవచ్చు, లేదా రెండెకరాల మెరక చేలో ఇప్పటికీ అదే పద్ధతి నడుస్తూ ఉండవచ్చు. మూడవ ప్రశ్న జాబితా అందిస్తుంది. జాబితా విన్న మనిషి అందులోంచి ఒకటి ఎంచుకోవడం మర్యాదగా భావిస్తాడు. నాలుగవ ప్రశ్నలోని 'సరైన' అన్న ఒక్క మాట సంభాషణను పరీక్షగా మార్చివేస్తుంది. ఐదవది జరగని దాని గురించిన ప్రశ్న. దానికి అవునని చెప్పడానికి రైతుకు ఖర్చేమీ లేదు. కాని శిక్షణ అవసరమన్న సిఫార్సు పుట్టడానికి ఆ ఒక్క 'అవును' చాలు.

శిక్షణ కార్యక్రమాలు ఈ విధంగానే రూపొందుతున్నాయన్నది ఇక్కడ తీవ్రంగా ఆలోచించవలసిన విషయం. రైతు ఊడ్పులకు మరలడానికి అసలు కారణం కాలువ నీరు వచ్చే తేదీ నిలకడగా లేకపోవడమైతే, అతనికి డ్రమ్ సీడర్ మీద మరో శిక్షణ ఇవ్వడం వల్ల ప్రయోజనం లేదు. ఆ ఖర్చు వృథా కావడమే కాక, రెండేళ్ల తరువాత వచ్చే మరో అధ్యయనం శిక్షణ ఇచ్చినా రైతులు స్వీకరించలేదని రాసి, నేరాన్ని మళ్లీ రైతు మీదనే మోపుతుంది.

తెలుగులో ఈ సమస్యకు మరొక కోణం ఉంది. పరిశోధన ప్రణాళిక సాధారణంగా ఇంగ్లీషులో తయారై, క్షేత్రానికి వెళ్లే ముందు తెలుగులోకి మారుతుంది. ఈ మార్పులో తటస్థమైన ప్రశ్న కూడా మొగ్గు పొందవచ్చు. తెలుగులో క్రియ చివర 'ఆ' చేరిస్తే చాలు, వాక్యం ప్రశ్న అవుతుంది: చల్లారు, చల్లారా? ఇంత సులువుగా తయారయ్యే ప్రశ్నకు జవాబు కూడా అంతే సులువు, చల్లామండి. 'చల్లలేదా?' అంటే అందులో ఆశ్చర్యమో, మందలింపో వినిపిస్తుంది. చివర 'కదా' చేరితే కాదనడం ఎదుటివారిని కాదనడమే. క్షేత్ర ముఖాముఖుల ధ్వనిముద్రణలను శ్రద్ధగా వింటే, కాగితం మీద లేని 'కదండీ' అడిగేవారి నోట పదే పదే దొర్లడం గమనించవచ్చు. అది అలవాటుగా వచ్చే మర్యాద మాట. దాని ఫలితం మాత్రం మర్యాదతో ఆగదు.

'ఎందుకు' అన్న మాటను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గుణాత్మక పరిశోధన అంటేనే ఎందుకు అని అడగడమని చాలామంది విద్యార్థుల నమ్మకం. పరిశోధన ప్రశ్నలో ఎందుకు అన్న మాట ఉండవలసిందే. రైతును అడిగే ప్రశ్నలో దానిని సాధ్యమైనంత తగ్గించడం మంచిది. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన వ్యక్తి 'ఎందుకు మానేశారు' అని అడిగినప్పుడు రైతుకు అది సంజాయిషీ అడిగినట్లు వినిపిస్తుంది. సంజాయిషీకి తగిన కారణం కావాలి. అది వినేవారు ఒప్పుకునేదిగా ఉండాలి. కలుపు అందరూ ఒప్పుకునే కారణం. అందువల్ల జవాబుగా కలుపు వస్తుంది. నేరుగా విత్తిన వరిలో కలుపు నిజంగానే పెద్ద సమస్య కాబట్టి ఆ జవాబును ఎవరూ శంకించరు. నిజమైన జవాబు కూడా అసలు కారణాన్ని కప్పివేయగలదు.

ఇక మార్గదర్శికను తిరగరాయడం. ఇందులో మొదటి పని అభిప్రాయాన్ని అడగడం మాని, జరిగిన సంగతిని అడగడం. జేమ్స్ స్ప్రాడ్లీ 1979లో వెలువరించిన 'ది ఎథ్నోగ్రాఫిక్ ఇంటర్వ్యూ' గ్రంథంలో 'గ్రాండ్ టూర్' ప్రశ్న అని ఒక రకాన్ని వివరించాడు. ఒక చోటును, ఒక పనిని, ఒక రోజును మొదటి నుంచి చివరి దాకా తిప్పి చూపమని అడగడం దాని స్వభావం. పై అధ్యయనంలో అది ఇలా ఉండవచ్చు: 'పోయిన సార్వాలో ఈ చేలో వరి ఎలా వేశారో, కాలువకు నీళ్లొచ్చిన రోజు నుంచి చెప్పండి.' ఇందులో డ్రమ్ సీడర్ పేరు లేదు. మానడం, కొనసాగించడం అన్న ఊసు లేదు. ఏ సంవత్సరం, ఏ చేను, ఎక్కడ మొదలు అన్నవి మాత్రం స్థిరంగా ఉన్నాయి. రైతు ఎటు వెళ్లినా చేను మీదనే ఉంటాడు. 'మీ సాగు అనుభవాల గురించి చెప్పండి' వంటి హద్దు లేని ప్రశ్న కంటె ఇది మేలు. హద్దు లేని ప్రశ్న విన్న రైతు ఏం కావాలో తేల్చుకోలేక, అడిగినవారి ముఖం చూసి జవాబు వెదుక్కుంటాడు. సూచన మరో దారిలో లోపలికి వస్తుంది.

రెండవ ప్రశ్న కాలంలో వెనక్కి వెళ్లాలి: 'అంతకు ముందు ఏళ్లలో ఇదే చేలో ఏ ఏడు ఎలా వేశారు?' డ్రమ్ వేసిన ఏడు ఇక్కడ సహజంగా బయటకు వస్తుంది, అదీ రైతు నోటితో, రైతు వాడే పేరుతో. ఆ తరువాతనే మూడవ ప్రశ్న: 'డ్రమ్ వేసిన ఏడు, విత్తనం నానబోసిన రోజు నుంచి ఏమేం జరిగింది?' నాలుగవది: 'మరుసటి ఏడు ఎలా వేయాలన్నది ఎలా కుదిరింది?' మొదటి ప్రతిలో ఈ ప్రశ్న 'ఎవరితో చర్చించి నిర్ణయించారు' అని ఉంటే, చర్చ, నిర్ణయం రెండూ జరిగాయన్న ఊహ అందులో చేరుతుంది. చాలా ఇళ్లలో అలాంటివి విడిగా జరగవు; ఆకుమడికి విత్తనం తెచ్చిన రోజే అంతా తేలిపోతుంది. 'కుదిరింది' అన్న మాట ఆ రెండింటికీ చోటిస్తుంది. సిఫార్సులు, కలుపు మందుల మోతాదులు, శిక్షణ గురించిన ప్రశ్నలు అన్నింటికన్నా చివర ఉండాలి. అవి ఒకసారి వినిపించిన తరువాత రైతు తన చేను గురించి కాక, పాఠం గురించి మాట్లాడతాడు.

గంట సేపటి ముఖాముఖికి ఈ స్థాయి ప్రశ్నలు ఐదారు చాలు. మరి విద్యార్థికి ఉన్న సాంకేతిక పరిజ్ఞానం ఏం కావాలి? అది ప్రధాన ప్రశ్నలలో కాక, అనుబంధ ప్రశ్నలలో, అంతకంటె ముఖ్యంగా వినడంలో ఉపయోగపడాలి. ఉదాహరణకు రైతు ఇలా చెప్పాడనుకుందాం: 'నానబోసి మండె కట్టాం. రెండు రోజులు వాన పట్టుకుంది. తర్వాత వేశాం గాని, పలచబడిందండి.' విషయం తెలియని వ్యక్తి దీనిని 'మొలక శాతం తక్కువ' అని రాసుకుని ముందుకు పోతాడు. విత్తనాన్ని సుమారు 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు మండె కట్టి, మొలక అప్పుడే పొటమరించిన దశలోనే డ్రమ్ములో పోయాలని తెలిసిన వ్యక్తికి ఆ రెండు రోజుల వాన వెంటనే తగులుతుంది. మొలక పొడవు పెరిగితే ఒకదానితో ఒకటి పెనవేసుకుని రంధ్రాల గుండా సరిగా రాలవు. అయినా అతడు 'మొలక పొడవై రంధ్రాల్లో ఇరుక్కుందా?' అని అడగరాదు. 'ఆ రెండు రోజులూ విత్తనాన్ని ఏం చేశారు?' అని అడగాలి. జవాబు అతనికి ముందే తెలిసి ఉండవచ్చు. కాని రైతు దానిని ఏ పేరుతో పిలుస్తాడో, నష్టాన్ని ఎవరి ఖాతాలో వేస్తాడో అతనికి తెలియదు.

అదే రైతు కొంతసేపటి తరువాత, మరేదో చెబుతూ, 'ఊడ్పులకు పిలవలేదని మేస్త్రి కలుపుకు ముఠాను పంపలేదు' అని అన్నాడనుకుందాం. తొలి మార్గదర్శికలోని ఏ ప్రశ్నకూ ఈ వాక్యం జవాబుగా వచ్చేది కాదు. 'కలుపు', 'కూలీల కొరత' అని రెండు గళ్లలో విడివిడిగా నమోదయ్యే విషయం ఇక్కడ ఒకే బంధంగా కనిపిస్తుంది. ఊడ్పు పని ఇచ్చిన రైతుకే ముఠా కలుపు తీతకు వస్తుంది. ఊడ్పు ఖర్చు మిగుల్చుకున్న రైతు ఆ సంబంధాన్ని పోగొట్టుకుంటాడు; అదీ కలుపు ఎక్కువగా వచ్చే పద్ధతి ఎంచుకున్న ఏడే. ఇది నిజమైతే డ్రమ్ సీడర్‌ను ప్రచారం చేసేవారు యంత్రంతో పాటు కలుపు తీత ఏర్పాట్ల గురించీ ఆలోచించవలసి ఉంటుంది. ఒక్క రైతు మాటతో ఇది తేలదు. తరువాతి ముఖాముఖులలో, వీలైతే ముఠా స్త్రీలను కూడా కలిసి, వెదకవలసిన దారి ఇదని మాత్రం తెలుస్తుంది.

ఇక్కడొక ప్రమాదం పొంచి ఉంటుంది. మేస్త్రి సంగతి విన్న విద్యార్థి మరుసటి రైతును 'మీకు కూడా ముఠా కలుపుకు రాలేదా?' అని అడగడానికి ఉవ్విళ్లూరుతాడు. తొలి మార్గదర్శికలోని దోషం కొత్త బలంతో తిరిగి వస్తుంది. క్షేత్రంలో దొరికిన ఆలోచన తనదే కాబట్టి, దానిని సూచనగా విద్యార్థి గుర్తించడు. చేయవలసింది ప్రధాన ప్రశ్నలను అలాగే ఉంచి, 'ఆ ఏడు కలుపు పని ఎవరు చేశారు, వారు ఎలా వచ్చారు?' అన్న అనుబంధ ప్రశ్నను చేర్చడం, చేర్చిన తేదీని నమోదు చేయడం.

అయితే సూచక ప్రశ్న ఎప్పుడూ నిషిద్ధమేనా? మనస్తత్వవేత్త స్టైనార్ క్వాలే తన 1996 నాటి 'ఇంటర్‌వ్యూస్' గ్రంథంలో ఈ భయాన్ని కొంత తగ్గించాడు. జవాబు ఎంత నిలకడైనదో పరీక్షించడానికి, పరిశోధకుని వ్యాఖ్యానం సరైనదో కాదో తేల్చుకోవడానికి సూచక ప్రశ్నను తెలిసి వాడవచ్చునని ఆయన వాదం. ఇది కోర్టులోని అడ్డ విచారణకు దగ్గరగా ఉంది. దాని స్థానం కూడా అక్కడిలాగే చివరనే. రైతు కథనం పూర్తయ్యాక, 'అంటే ముఠా వచ్చి ఉంటే మళ్లీ డ్రమ్మే వేసేవారన్నమాట' అని అనవచ్చు. కాకుంటే తెలుగు గ్రామంలో ఈ పద్ధతిని సవరించి వాడాలి. అతిథిని కాదనడానికి ఇష్టపడని చోట, పరిశోధకుడు తన అభిప్రాయానికి అనుకూలమైన సూచన ఇచ్చి 'అవును' పొందితే దానికి విలువ లేదు. సూచన తన అభిప్రాయానికి వ్యతిరేక దిశలో ఉండాలి: 'ముఠా సంగతి చిన్నదే, కలుపు మందు సరిగా పని చేసి ఉంటే సరిపోయేదేమో?' దీనిని రైతు తోసిపుచ్చి, తన మాటనే మరింత వివరంగా చెబితే అప్పుడు ఆ సాక్ష్యానికి బరువు ఉంటుంది.

ప్రశ్నల మాటలు ఎంత సరిదిద్దినా అడిగే మనిషి మిగిలే ఉంటాడు. విశ్వవిద్యాలయం జీపులో, వ్యవసాయ శాఖ సిబ్బంది వెంట రాగా, డ్రమ్ సీడర్‌ను ప్రవేశపెట్టిన సంస్థ పేరు చెప్పి కూర్చున్న విద్యార్థికి రైతు ఎవరి గురించి ఏం చెప్పగలడు? అందువల్ల తొలి పరిచయ వాక్యాలు కూడా మార్గదర్శికలో రాసి ఉండాలి. 'డ్రమ్ సీడర్ గురించి తెలుసుకోవడానికి వచ్చాను' అంటే అదే తొలి సూచక వాక్యం. 'ఈ ఊళ్లో సార్వా వరి ఏ ఏడు ఎలా వేస్తున్నారో తెలుసుకుంటున్నాను' అంటే అది అబద్ధం కాదు, దారి చూపించేదీ కాదు. పరిచయం చేసిన సిబ్బంది ఆ తరువాత అక్కడ కూర్చోకపోవడం మేలు. ఈ మాట చెప్పడానికి విద్యార్థులు మొహమాటపడతారు. పర్యవేక్షకులే ముందుగా చెప్పి ఉంచాలి.

ఇప్పుడున్న పరీక్షా విధానం ఈ దోషాలను పట్టుకోదని కూడా చెప్పక తప్పదు. మార్గదర్శికను కొందరు నిపుణులకు పంపి, ప్రతి ప్రశ్న ఎంత సంబద్ధమో మార్కులు వేయించడం ఆనవాయితీ. స్కేలు తయారీలో ఆ పద్ధతికి విలువ ఉంది. కాని నిపుణుడు ప్రశ్నను విద్యార్థి కళ్లతోనే చూస్తాడు. ఇద్దరిదీ ఒకే చదువు. కలుపు గురించిన ప్రశ్న అతనికి ఎంతో సంబద్ధంగా తోస్తుంది. అంతకంటె, అధ్యయనానికి ఎంపిక కాని ఇద్దరు ముగ్గురు రైతులతో మాట్లాడి, ఆ సంభాషణను 'కదండీ'లతో సహా పూర్తిగా రాసుకోవడం ఎక్కువ ఉపయోగకరం. ఆ రాతప్రతి మీద రంగు పెన్సిలుతో ఒక పని చేయాలి. విశ్లేషణకు పనికివచ్చే ప్రతి ముఖ్యమైన మాట, అంటే కలుపు, ఖర్చు, కూలీ, మందు, వాన వంటివి, మొదట ఎవరి నోటి నుంచి వచ్చిందో గుర్తించాలి. ఎక్కువ మాటలు అడిగినవారి నోట పుట్టి ఉంటే ఆ మార్గదర్శిక ఇంకా సిద్ధం కాలేదు. ప్రశ్న మూడు వరుసలు, జవాబు అరవరుస ఉన్న చోట్లను కూడా గుర్తించాలి. దోషం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

ఈ శ్రమ తరువాత కూడా జ్ఞాపకం మసకబారుతుంది. రైతు తన పనికి తరువాత కారణాలు అల్లుకుంటాడు. మూడేళ్ల కిందటి దమ్ము గురించి చెప్పే కథలో కొంత ఇప్పటి ఆలోచన కలిసే ఉంటుంది. దానిని ఏ ప్రశ్నా తీసివేయలేదు. చేయగలిగింది పాఠకునికి తూచి చూసుకునే అవకాశం ఇవ్వడం. సిద్ధాంత వ్యాసాల అనుబంధంలో తుది మార్గదర్శిక ఒక్కటే, అదీ ఇంగ్లీషులో ముద్రించే అలవాటు ఉంది. దానికి బదులు తెలుగులో అడిగిన మాటలే, తొలి ప్రతి, మలి ప్రతి రెండూ, ఏ ప్రశ్న ఎన్నవ ముఖాముఖి తరువాత ఎలా మారిందో తేదీలతో సహా ముద్రించాలి. ఉటంకించిన ప్రతి రైతు వాక్యానికి ముందు, దానిని రాబట్టిన ప్రశ్న కూడా ఉండాలి. 'కలుపు ఎక్కువండి' అన్న వాక్యం 'పోయిన సార్వా సంగతి చెప్పండి' అన్నదానికి వచ్చిందా, 'కలుపు ఎక్కువ కదండీ' అన్నదానికి వచ్చిందా అన్నది చూసి పరీక్షకుడు తానే నిర్ణయించుకుంటాడు.